0! విలువ 1 ఎందుకు? ఏమీ లేనప్పుడు అమర్చేది ఏముంటుంది?

ఉప్పల్_ఫ్రేములు

మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. నిన్న రాత్రి షాపు కట్టేసి ఇంటికొచ్చేసరికి లెక్కల పుస్తకం ముందేసుకుని ముఖం ముడుచుకుని కూర్చుంది. ప్రస్తారాలు, సంయోగాల పాఠంలో 0! = 1 అని ఉంది. ఎందుకని క్లాసులో అడిగితే "అది అంతే, గుర్తుపెట్టుకో" అన్నారట.

నాకు ఉప్పల్‌లో ఫొటో ఫ్రేముల దుకాణం ఉంది. చదువు పదో తరగతితోనే ఆగింది కానీ, అమర్చడం అంటే ఏంటో చేతికి తెలుసు. గోడకి మూడు మేకులు, చేతిలో మూడు ఫొటోలు. మొదటి మేకుకి మూడింటిలో ఏదైనా తగిలించొచ్చు. రెండో మేకుకి మిగిలిన రెండింటిలో ఒకటి. మూడో మేకుకి ఇక మిగిలిందే. 3! అంటే ఇదే, 3 × 2 × 1 = 6. తాత, నాయనమ్మ, మనవడి ఫొటోలు తెచ్చి ఆరు తీర్లూ గోడ మీద పెట్టి చూపించా. రెండు ఫొటోలకి 2, ఒక్క ఫొటోకి 1. అక్కడిదాకా ఇద్దరికీ బాగానే ఉంది.

"మరి ఫొటోలే లేకపోతే నాన్నా?" అంది. సున్నా అన్నా. పుస్తకం 1 అంటోంది. ఫొటో లేదు, మేకు లేదు, ఆ ఒక్క తీరు ఎక్కడినుంచి వచ్చింది? ఫార్ములాలతో కాకుండా ఫొటోలతో చెప్పగలిగేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఓయూ_ఎమ్మెస్సీ

అది నిర్వచనం సార్. అలా పెట్టుకుంటేనే మిగతా ఫార్ములాలు నడుస్తాయి. ఐదుగురిలో ఐదుగురినీ ఎంచుకోవడానికి ఒకటే దారి. ఫార్ములాలో వేస్తే 5!/(5! × 0!) వస్తుంది. ఇది 1 కావాలంటే 0! కూడా 1 కావాలి. గట్టి రుజువు కావాలంటే గామా ఫంక్షన్ ఉంది. అందులో 0! అంటే Γ(1), దాని విలువ 1, అంతటితో అయిపోయింది.

సందేహాల_శివ

అంటే ఫార్ములా చెడిపోకూడదని విలువ పెట్టుకున్నారన్నమాట. అది కారణం ఎలా అవుతుంది? అందరినీ ఎంచుకున్నప్పుడు జవాబు 1 అని విడిగా ఒక లైను రాసుకుంటే సరిపోయేది. ఫ్రేముల సార్ అడిగింది ఫొటోల గురించి, మీరు చెప్పింది సౌకర్యం గురించి.

కొండాపూర్_కోడర్

ఇందులో అంత ఆలోచించాల్సింది ఏముంది? సీ భాషలో !0 అని రాస్తే 1 వస్తుంది. ఆ గుర్తుకి అర్థం "కాదు" అని. సున్నా కానిదంటే 1. మీ అమ్మాయికి ఇదే చెప్పండి.

మల్కాజిగిరి_బొమ్మలు

తమ్ముడూ, అదే సీ భాషలో !5 ఎంత?

కొండాపూర్_కోడర్

0 వస్తుంది అక్కా. 5! మాత్రం 120. సరే, గుర్తు ముందుంటే వేరు, వెనకుంటే వేరు. ప్రశ్న సరిగ్గా చదవకుండా రాశాను, నా జవాబు పట్టించుకోకండి. పాపకి పొరపాటున కూడా చెప్పొద్దు.

రిటైర్డ్_లెక్కలు

ముప్పై ఏళ్లు ఇదే పాఠం చెప్పాను. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు ఇదే అడిగేవాళ్లు. అడిగిన పిల్లలే నాకు గుర్తున్నారు కూడా.

ముందు మీ గోడ దగ్గరికే వద్దాం. నాలుగు ఫొటోలు, నాలుగు మేకులు అనుకోండి. మొదటి మేకుకి నాలుగింటిలో ఏదైనా పెట్టొచ్చు. అది పెట్టేశాక మిగిలిన పని ఏమిటి? మూడు ఫొటోల్ని మూడు మేకులకి అమర్చడం. దానికి 6 తీర్లని మీరు గోడ మీద చూపించేశారు. మొదట తాత ఫొటో పెడితే వెనక 6, నాయనమ్మ పెడితే వెనక ఇంకో 6, అలా నాలుగు ఆరులు, 24. అంటే ప్రతిసారీ "మొదటి మేకుకి ఎన్ని ఎంపికలు" అన్న సంఖ్యని "మిగిలిన పనికి ఎన్ని తీర్లు" అన్న సంఖ్యతో గుణిస్తున్నాం. మూడు ఫొటోలకి 3 × 2. రెండింటికి 2 × 1.

ఇప్పుడు ఒకే ఫొటో. మొదటి మేకుకి ఒకటే ఎంపిక. అది తగిలించాక మిగిలిన పని సున్నా ఫొటోల్ని అమర్చడం. మొత్తం తీర్లు ఒకటని మనకి ముందే తెలుసు. కాబట్టి 1 × (మిగిలిన పని) = 1. ఆ మిగిలిన పనికి సున్నా తీర్లు అంటే, ఒంటరి ఫొటోని గోడకి తగిలించడమే కుదరదని చెప్పినట్టు. మీరు రోజూ తగిలిస్తూనే ఉన్నారు.

సందేహాల_శివ

మాస్టారూ, మీమీద గౌరవంతోనే అడుగుతున్నా. "మిగిలిన పని" అన్న పద్ధతి నాలుగు, మూడు, రెండు ఫొటోలకి నడిచింది. ఒకటి దగ్గర కూడా నడుస్తుందని మీరు ముందే అనుకున్నారు కదా? ఫొటో తగిలించాక పని అయిపోయింది. మిగిలిన పనంటూ ఏమీ లేదు. లేని దానికి సంఖ్య ఎందుకు ఇవ్వాలి?

రిటైర్డ్_లెక్కలు

సరైన చోట పట్టుకున్నారు శివ గారూ. వరుస ఎటు పోతోందో చూసి దాని తరువాతి విలువ ఊహించడం రుజువు కాదు. నేను చెప్పింది, 0! కి ఏదైనా విలువ ఇవ్వాలనుకుంటే అది 1 తప్ప ఇంకోటి కాలేదని. అసలు ఇవ్వాలా, ఇస్తే దానికి ఫొటోల్లో అర్థం ఏమిటన్నది నేనింకా చెప్పలేదు. భోజనం చేసి వచ్చి రాస్తాను.

క్యాటరింగ్_కార్తీక్

మాస్టారు వచ్చేలోపు నా గోల. నిన్న ఒక పెళ్లిలో ఎనిమిది ఐటమ్స్‌తో బఫే. పెళ్లికూతురు మేనమామ వచ్చి వరుస మార్చమన్నాడు, మార్చాక వాళ్లావిడ వచ్చి మళ్లీ మార్చమంది. 8! ఎంతని ఇప్పుడే చూశా, 40320. అన్నీ చూపించమని అడగలేదు, సంతోషం.

మల్కాజిగిరి_బొమ్మలు

కార్తీక్, రోజుకి ఒక వరుస చొప్పున పెట్టినా నూట పదేళ్లు పడుతుంది. అన్ని రోజులు ఏ మేనమామా ఉండడు.

సరే, నాదొక అనుభవం చెప్తాను. నేను లెక్కల టీచర్ని కాదు, కానీ ఇది నా చేతుల మీద జరిగిన విషయం. మా ఇంట్లో ఏటా దసరాకి బొమ్మల కొలువు పెడతాం. మూడు మెట్లు. ఏ మెట్టు బొమ్మలు ఆ మెట్టు మీదే ఉండాలని మా అత్తగారి నియమం. పై మెట్టుకి మూడు దేవుడి బొమ్మలు, మధ్య మెట్టుకి రెండు కొండపల్లి బొమ్మలు, కింది మెట్టుకి మట్టి బొమ్మలు. పోయినేడు మట్టి బొమ్మలన్నీ అటక మీదనుంచి దింపేటప్పుడు పగిలిపోయాయి. కింది మెట్టు మీద బట్ట పరిచి ఖాళీగా వదిలేశాం.

ఇంటికొచ్చిన పిల్లలు రోజుకోలా మార్చి పెడుతుంటే ఎన్ని రకాలుగా పెట్టొచ్చని లెక్కేశాం. పై మెట్టు 6, మధ్య మెట్టు 2. పై మెట్టుని ఎలా పెట్టినా మధ్య మెట్టుని రెండు రకాలుగా పెట్టొచ్చు కాబట్టి 12. పిల్లలు కాగితం మీద గీసి చూశారు, 12 వచ్చాయి. ఇప్పుడు మెట్లన్నీ గుణిస్తే 6 × 2 × (ఖాళీ మెట్టు). ఖాళీ మెట్టుకి సున్నా రకాలు అంటే కొలువు మొత్తానికే సున్నా అవుతుంది. బొమ్మలేమో కళ్లెదురుగా నిలబడి ఉన్నాయి! ఖాళీ మెట్టు తన పైనున్న మెట్లని తుడిచిపెట్టదు కదా. 12 ని 12 గానే ఉంచాలంటే దాని వాటా 1 కావాలి.

ఉప్పల్_ఫ్రేములు

అక్కా, ఇది నాకు అర్థమైంది. మా దుకాణంలో కూడా మూడు గోడలు. ఒక గోడ ఖాళీగా ఉన్నంత మాత్రాన మిగతా రెండు గోడల మీద ఫొటోలు పెట్టలేకపోం.

సందేహాల_శివ

బాగుంది. కానీ ఖాళీ మెట్టుని లెక్కలోకే తీసుకోకపోతే పోలేదా? రెండు మెట్లే గుణించండి, 12 వస్తుంది. గొడవే లేదు.

మల్కాజిగిరి_బొమ్మలు

లెక్కలోకి తీసుకోకపోవడమంటే ఏంటి? 12 ని ఏమీ మార్చకుండా వదిలేయడం. గుణకారంలో ఏమీ మార్చని సంఖ్య 1 ఒక్కటే. మీరు దాన్ని వదిలేశానంటున్నారు, నేను 1 తో గుణించానంటున్నాను. ఇద్దరి చేతుల్లోనూ జరిగింది ఒకటే.

రిటైర్డ్_లెక్కలు

అమ్మా, నేను ముప్పై ఏళ్లు చెప్పిన దానికన్నా మీ కింది మెట్టు బాగా చెప్పింది. కూడికలో ఏమీ కలపకపోతే 0 దగ్గర ఉంటాం, గుణకారంలో ఏమీ గుణించకపోతే 1 దగ్గర ఉంటాం. చాలామంది పిల్లలు కూడిక అలవాటుతో "ఏమీ లేదు" అనగానే 0 రాస్తారు. పొరపాటు మొదలయ్యేది అక్కడే.

కొండాపూర్_కోడర్

ఇందాకటి తప్పుకి బదులుగా నిజంగా నాకు జరిగింది చెప్తా. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫ్యాక్టోరియల్ ఫంక్షన్ ఇలా రాశాను:

```python
def fact(n):
    if n == 0:
        return 0
    return n * fact(n - 1)
```

ఫ్రేముల సార్ అనుకున్నట్టే నేనూ సున్నాకి సున్నా అనుకున్నా. నడిపితే fact(5) కి 0, fact(3) కి 0, ఏది ఇచ్చినా 0. ఎర్రర్ రాదు, ఏమీ రాదు, నిశ్శబ్దంగా 0. గంటసేపు గుణకారం దగ్గరే వెతికాను. అసలు సంగతేంటంటే, 5 × 4 × 3 × 2 × 1 దాకా వచ్చి చివర్లో fact(0) ని కూడా గుణిస్తుంది. ఆ ఒక్క సున్నా ఐదు మెట్లు ఎక్కి పైదాకా వచ్చేసింది. అక్క చెప్పిన ఖాళీ మెట్టు అచ్చం ఇదే. return 1 అని మార్చగానే అన్నీ సరిపోయాయి.

మా టీములో ఇంకొకతను n == 1 దగ్గర ఆపి, సున్నా సంగతి వదిలేశాడు. అది 5 కి, 3 కి బాగానే పనిచేసింది. ఎవరో 0 ఇచ్చిన రోజు అది -1, -2 అంటూ కిందికి పోతూ RecursionError తో పడిపోయింది.

క్యాటరింగ్_కార్తీక్

అన్నిటికీ 0 వస్తే చివర ఎక్కడో సున్నా గుణించామని గుర్తుపట్టాలన్నమాట. మా అబ్బాయి కోడింగ్ నేర్చుకుంటున్నాడు, చూపిస్తా.

రిటైర్డ్_లెక్కలు

ఇప్పుడు శివ గారి అసలు ప్రశ్న. ఫొటోలే లేనప్పుడు ఆ "ఒక్క తీరు" ఏది, చూపించగలమా అని.

చీటీలతో చేద్దాం. ప్రతి అమరికనీ ఒక చీటీ మీద ఎడమనుంచి కుడికి రాయాలి. చీటీ సరైనదా కాదా అని చూడటానికి నియమం ఒకటే. నా దగ్గరున్న ప్రతి ఫొటో ఆ చీటీ మీద సరిగ్గా ఒక్కసారి రావాలి, నా దగ్గర లేనిది ఏదీ రాకూడదు. సరైన చీటీలు ఎన్నో లెక్కపెడితే అదే జవాబు.

తాత, నాయనమ్మ ఫొటోలు రెండే ఉన్నాయనుకుంటే సరైన చీటీలు రెండు. "తాత, నాయనమ్మ" ఒకటి, "నాయనమ్మ, తాత" ఇంకొకటి. తాత ఒక్కడే ఉంటే చీటీ ఒకటి. ఎందుకంటే "తాత" అని రాసింది నియమానికి సరిపోతుంది. ఖాళీ చీటీ సరిపోదు, తాత రాలేదు కాబట్టి.

ఇక ఫొటోలే లేవు. ఖాళీ చీటీ తీసుకోండి. నా దగ్గరున్న ఏ ఫొటో అయినా దీని మీద రాకుండా పోయిందా? లేదు, ఫలానాది రాలేదని వేలు పెట్టి చూపించడానికి ఒక్క ఫొటో కూడా లేదు. నా దగ్గర లేనిది ఏదైనా రాసుందా? అదీ లేదు. కాబట్టి ఖాళీ చీటీ పాసయింది. ఇంకో చీటీ ఏదైనా పాసవుతుందా? దాని మీద ఏదో ఒకటి రాసుండాలి, రాసినదేదైనా నా దగ్గర లేనిదే అవుతుంది, కాబట్టి ఫెయిల్. సరైన చీటీ ఒకటే. ఒకటికి తక్కువ కాదు, ఎక్కువా కాదు.

ఇందులో ఫార్ములా లేదు. మూడు ఫొటోలకి ఏ నియమం వాడామో సున్నాకీ అదే వాడాం. కొత్తగా ఏమీ ఒప్పుకోలేదు.

ఉప్పల్_ఫ్రేములు

మాస్టారూ, ఇది రెండుసార్లు చదివా. ఒక్క అనుమానం. అలాగైతే జవాబు సున్నా వచ్చే సందర్భం అంటూ ఉండదా? ఏదీ కుదరకపోతే ఖాళీ చీటీ పెట్టేసి 1 అనేయొచ్చు కదా.

రిటైర్డ్_లెక్కలు

ఉంటుంది. గోడకి మూడు మేకులు, మీ దగ్గర రెండే ఫొటోలు, మూడు మేకులకీ తలా ఒకటి తగిలించాలి అన్నారనుకోండి. ఆ షరతుకి సరిపోయే చీటీ రాయండి చూద్దాం. "తాత, నాయనమ్మ" రాస్తే మూడో మేకు ఖాళీ, ఫెయిల్. తాతని రెండుసార్లు రాయలేం. ఖాళీ చీటీ పెడితే మూడు మేకులూ ఖాళీ, అదీ ఫెయిల్. పాసయిన చీటీ ఒక్కటీ లేదు. ఇక్కడ జవాబు 0.

పని కుదరకపోవడం వేరు, చేయాల్సింది ఏమీ లేకపోవడం వేరు. కుదరని పని ముందు మీరు ఓడిపోయారు. ఏమీ లేని పని మొదలుపెట్టకముందే పూర్తయిపోయింది.

కొండాపూర్_కోడర్

మాస్టారూ, మీరు చెప్పిన రెండూ పైథాన్‌లో ఇప్పుడే నడిపి చూశా:

```python
from itertools import permutations
print(list(permutations([])))         # [()]
print(list(permutations([1, 2], 3)))  # []
```

మొదటిదాంట్లో సంచిలో ఒక ఖాళీ చీటీ ఉంది. రెండోదాంట్లో సంచే ఖాళీ. తెర మీద తేడా ఒక జత బ్రాకెట్లే, కానీ లెక్కపెడితే ఒకటి 1, ఇంకోటి 0. ఇన్నాళ్లూ ఆ లోపలి () చూసి అదేదో చెత్త అనుకునేవాడిని.

సందేహాల_శివ

"రాకుండా పోయిన ఫొటో ఏదీ లేదు కాబట్టి అన్నీ వచ్చినట్టే" అన్న వాక్యం మింగుడుపడటం కొంచెం కష్టంగానే ఉంది. మా ఇంట్లో ఏనుగులన్నీ గులాబీ రంగువే అన్నట్టుంది.

రిటైర్డ్_లెక్కలు

ఆ వాక్యం కూడా నిజమే శివ గారూ, మీ ఇంట్లో ఏనుగు లేనంతవరకు. తప్పని నిరూపించాలంటే గులాబీ కాని ఏనుగుని ఒకదాన్ని తెచ్చి చూపించాలి.

క్యాటరింగ్_కార్తీక్

ఏనుగుని తెస్తే భోజనం సంగతి ముందే చెప్పండి.

ఓయూ_ఎమ్మెస్సీ

మాస్టారూ, గామా ఫంక్షన్‌తో రుజువైపోయిందని మొదట రాశాను. అది తప్పా?

రిటైర్డ్_లెక్కలు

విలువ తప్పు కాదు, వరుస తప్పు. 1729లో ఆయిలర్ గోల్డ్‌బాక్‌కి ఉత్తరం రాశాడు. 1, 2, 6, 24 అనే ఈ సంఖ్యల మధ్యలో, అంటే ఒకటిన్నర, రెండున్నర లాంటి చోట్ల ఏ విలువ పెడితే నప్పుతుందన్నది విషయం. గామా ఫంక్షన్ అక్కడినుంచి పెరిగింది. దాన్ని ఫ్యాక్టోరియల్‌కి అతికేలా తయారుచేశారు. కాబట్టి అది 0! కి 1 ఇస్తే మన జవాబుతో పొసిగిందని సంతోషించొచ్చు. కానీ ఫొటోలు ఎందుకు అలా లెక్కకొస్తాయో అది చెప్పదు. సగం ఫొటోని ఎవరూ గోడకి తగిలించరు.

మల్కాజిగిరి_బొమ్మలు

1729 అంటే రామానుజన్ టాక్సీ నంబరు కదా! అక్కడ కూడా అదే సంఖ్యా!

ఓయూ_ఎమ్మెస్సీ

ఒప్పుకుంటున్నా మాస్టారూ. అయితే నా వంతుగా ఒక ఉదాహరణ ఇస్తాను. పాపకి పరీక్షలో కూడా పనికొస్తుంది. మన ఊరి పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో HYDERABAD. ఈ అక్షరాల్ని ఎన్ని రకాలుగా అమర్చొచ్చు?

తొమ్మిది అక్షరాలు కాబట్టి 9! = 362880 అని చాలామంది ఆగిపోతారు. కానీ A రెండుసార్లు, D రెండుసార్లు ఉన్నాయి. రెండు A లకీ ఎరుపు, నీలం రంగులు వేస్తే ఆ రెండూ చోట్లు మార్చుకున్నప్పుడు కొత్త అమరిక వచ్చినట్టు కనిపిస్తుంది. రంగు తుడిచేస్తే రెండూ ఒకటే. అంటే ప్రతి మాటనీ రెండుసార్లు లెక్కపెట్టేశాం. అందుకని 2! తో భాగించాలి. D లకి ఇంకో 2!. 362880/4 = 90720.

ఇప్పుడు అసలు సంగతి. H ఒకటే ఉంది, దానికి కూడా 1! తో భాగించినట్టే, ఏమీ మారదు కాబట్టి రాయం. మరి Z? అది ఈ పేరులో సున్నాసార్లు వచ్చింది. ఇరవై ఆరు అక్షరాలకీ ఒక్కొక్క భాగహారం రాసే ప్రోగ్రామ్ రాస్తే Z కోసం 0! తో భాగించాల్సి వస్తుంది. అది 0 అయితే లెక్కే కుప్పకూలుతుంది, సున్నాతో భాగించలేం కదా. లేని Z ని జాబితాలో రాసినా, రాయకపోయినా హైదరాబాద్ అక్షరాల అమరికలు మారకూడదు. కాబట్టి 0! విలువ 1.

శివ గారూ, ఇది సౌకర్యం అంటారేమో. కానీ ఇక్కడ కూడా అడిగేది అదే ప్రశ్న: లేని Z లు తమలో తాము ఎన్ని రకాలుగా చోట్లు మార్చుకోగలవు? ఒక రకంగానే, ఏమీ మారకుండా.

సందేహాల_శివ

ఇది సౌకర్యం అనను. Z ని రాయడం, రాయకపోవడం నా ఇష్టం. జవాబు నా ఇష్టాన్ని బట్టి మారకూడదు. ఇది నచ్చింది.

మల్కాజిగిరి_బొమ్మలు

అమర్చడం అంటే మా నాన్నగారు గుర్తొస్తున్నారు. సంధ్యావందనంలో కేశవాయ, నారాయణాయ, మాధవాయ అంటూ కేశవ నామాలు చదివేవారు. అవి ఇరవై నాలుగు. విష్ణువు నాలుగు చేతుల్లో శంఖం, చక్రం, గద, పద్మం చేతులు మారుతుంటే ఇరవై నాలుగు మూర్తులు వస్తాయని, ఒక్కో మూర్తికి ఒక్కో పేరని చెప్పేవారు. 4! కూడా 24. ఇది కాకతాళీయం కాదు కదా మాస్టారూ?

రిటైర్డ్_లెక్కలు

కాదమ్మా. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో రాసిన లీలావతిలో సరిగ్గా ఇదే లెక్క ఉంది. శివుడి పది చేతుల్లో పాశం, అంకుశం, పాము, డమరుకం లాంటి పది వస్తువులు చేతులు మారితే ఎన్ని రూపాలు, హరి నాలుగు చేతుల్లో గద, చక్రం, పద్మం, శంఖం మారితే ఎన్ని రూపాలు అని అడుగుతాడు. జవాబులు 3628800, 24. ఆశ్చర్యార్థకం గుర్తు మాత్రం చాలా తరువాత వచ్చింది. 1808లో క్రిస్టియన్ క్రాంప్ దాన్ని వాడాడు. గుర్తు లేకపోయినా లెక్క ఆగలేదు.

క్యాటరింగ్_కార్తీక్

నాదీ ఒక ప్రశ్న. మా దగ్గర రౌండ్ టేబుళ్లు ఉంటాయి. ఆరుగురిని కూర్చోబెడితే 6! అంటే 720 అనుకునేవాడిని. కాదు 120 అని మా అబ్బాయి అంటాడు. ఎవరు కరెక్ట్?

ఓయూ_ఎమ్మెస్సీ

ఎవరి పక్కన ఎవరు అన్నదే చూస్తే మీ అబ్బాయే కరెక్ట్. అందరూ ఒక్కో కుర్చీ జరిగితే ఎవరి పక్కవాళ్లు వాళ్ల పక్కనే ఉంటారు, అమరిక మారలేదు. అందుకని ఒకరిని ఒక కుర్చీలో కదలకుండా కూర్చోబెట్టి, మిగతా ఐదుగురిని మార్చాలి. 5! = 120. కుర్చీలకి నంబర్లు ఉంటే మాత్రం మీ 720 సరైనది.

అన్నట్టు ఇక్కడా మన 0! ఉంది. టేబుల్ దగ్గర ఒక్కరే ఉంటే? ఆయన్ని కూర్చోబెట్టేశాక మిగిలింది సున్నామంది, 0!. ఇరానీ హోటల్లో గుండ్రటి పాలరాయి టేబుల్ దగ్గర ఒక్కడే కూర్చుని చాయ్ తాగేవాడికి ఒకటే అమరిక. 1.

సందేహాల_శివ

ఆగండి. ఆయన కూడా చాయ్ తాగి వెళ్లిపోయాడు. టేబుల్ దగ్గర ఎవరూ లేరు. మీ లెక్క ప్రకారం ఒకటి తగ్గించి ఫ్యాక్టోరియల్ వేయాలి. అంటే (-1)!. అదెంత?

ఓయూ_ఎమ్మెస్సీ

దానికి విలువ లేదు. మాస్టారి పద్ధతిలోనే చూడండి: 1! = 1 × 0!, 2! = 2 × 1!. అలాగే 0! = 0 × (-1)! కావాలి. ఎడమవైపు 1 ఉంది. కుడివైపు సున్నాతో ఏది గుణించినా 0. ఏ సంఖ్యా అక్కడ ఇమడదు.

కొండాపూర్_కోడర్

పైథాన్‌లో math.factorial(-1) కొడితే ValueError. math.factorial(0) మాత్రం 1. వరుస సున్నా దగ్గర ఆగుతుంది.

సందేహాల_శివ

అది నాకూ తెలుసు. కానీ సున్నామందిని వరుసలో నిలబెడితే ఖాళీ చీటీ ఒకటి, అమరిక 1 అన్నారు. సున్నామందిని టేబుల్ చుట్టూ కూర్చోబెడితే కూడా ఖాళీ టేబుల్ అనే ఒక అమరిక ఉండాలి కదా. ఫార్ములా మాత్రం విలువే లేదంటోంది. ఖాళీ చీటీ న్యాయం ఇక్కడ ఏమైంది?

రిటైర్డ్_లెక్కలు

ఈ థ్రెడ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న ఇదే. ఒకటి తగ్గించడం ఎక్కడినుంచి వచ్చింది? ఒకరిని కదలకుండా కూర్చోబెట్టడం నుంచి. ఎవరూ లేనప్పుడు కూర్చోబెట్టడానికి మనిషే లేడు, ఆ మొదటి అడుగే పడదు. కాబట్టి ఆ ఫార్ములా కనీసం ఒకరు ఉన్న టేబుళ్లకే. వరుసలో అలా కాదు, చీటీ నియమంలో ఎవరినీ ముందుగా పట్టుకోవాల్సిన అవసరం లేదు.

ఇక ఖాళీ టేబుల్‌ని ఒక అమరికగా లెక్కపెట్టాలా అంటే, నా మనసు మీ వైపే ఉంది, 1 అనాలనిపిస్తుంది. కానీ కొన్ని లెక్కల్లో చక్రం అంటే కనీసం ఒకరైనా ఉండాలని ముందే షరతు పెట్టుకుంటారు, అక్కడ అది 0. ఏది వాడుతున్నామో ముందే చెప్పుకోవాలి.

సందేహాల_శివ

అంటే వరుస విషయంలో మీరు గెలిచారు, టేబుల్ విషయం ఇంకా తేలలేదు.

మల్కాజిగిరి_బొమ్మలు

ఫ్రేముల అన్నయ్యా, ఇంతకీ పాప ఏమంది?

ఉప్పల్_ఫ్రేములు

ఇప్పుడే కాలేజీ నుంచి వచ్చింది. ఖాళీ మెట్టు, చీటీలు రెండూ చెప్పా. మెట్టుకి వెంటనే తలూపింది. చీటీల దగ్గర మాత్రం నా మాట నమ్మకుండా తనే కత్తెర తెచ్చి కాగితం కత్తిరించింది. మూడు ఫొటోలకి ఆరు చీటీలు, రెండింటికి రెండు, ఒకదానికి ఒకటి. చివరికి ఏమీ రాయని చీటీ ఒకటి టేబుల్ మీద పెట్టి, ఇంకోటి పెట్టొచ్చా అని చాలాసేపు చూసింది. "నాన్నా, రెండో ఖాళీ చీటీ పెడితే అది మొదటిదే అవుతుంది కదా, అందుకే ఒకటి" అంది. మాస్టారు ఆ మాట అనలేదు, తనకే తట్టింది.

శివ గారి టేబుల్ ప్రశ్న కూడా చదివి వినిపించా. నోటు పుస్తకం వెనక రాసుకుంది, రేపు క్లాసులో అడుగుతుందట.

రిటైర్డ్_లెక్కలు

అడగనివ్వండి. వాళ్ల సార్ ఏమంటారో ఇక్కడ రాయండి.

సందేహాల_శివ

నేనూ ఎదురుచూస్తుంటా.